బిల్లు ఆలస్యంగా అందినప్పుడు ఆలస్య వడ్డీ ఏ రోజు నుంచి లెక్కకు వస్తుంది?

సరుకు అందిన రెండు మూడు నెలలకు సరఫరాదారు నుంచి ఒక డెబిట్ నోట్ వస్తుంది. గడువు దాటి చెల్లించారు కాబట్టి ఇన్ని రోజులకు ఇంత వడ్డీ అని అందులో ఉంటుంది. కొనుగోలుదారు అకౌంట్స్ విభాగం ఫైలు తిరగేస్తే, అసలు ఆ బిల్లే తమ దగ్గరికి నెల రోజులు ఆలస్యంగా చేరిందని తేలుతుంది. బిల్లు చేతికి రాకముందే గడువు ఎలా మొదలైందని వారు అడుగుతారు. సరుకు వాడుకున్నవారికి డబ్బు ఇవ్వాలని తెలియదా అని సరఫరాదారు అడుగుతాడు. చిన్న పరిశ్రమలకు సకాలంలో చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపనివ్వని ఆదాయపు పన్ను నిబంధన, అంటే 43బి(హెచ్), 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి అమలులోకి వచ్చాక ఇలాంటి పేచీలు మరింతగా పైకి వస్తున్నాయి.

నిజానికి ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఇరుపక్షాలూ రాసుకున్న ఒప్పందం ప్రకారం వడ్డీ ఎప్పుడు మొదలవుతుందన్నది ఒకటి. ఆ ఒప్పందంతో నిమిత్తం లేకుండా చట్టమే విధించే వడ్డీ ఏదైనా ఉందా అన్నది రెండోది. మొదటి ప్రశ్నలో బిల్లు ఆలస్యం చాలా బలమైన వాదన. రెండో ప్రశ్నలో అది దాదాపు నిలవదు. ఈ తేడా గమనించకపోవడం వల్లనే, న్యాయం తమవైపే ఉందని నమ్మిన కొనుగోలుదారులు చివరికి ముందు అడిగినదానికన్నా ఎక్కువ కట్టవలసి వచ్చే పరిస్థితి ఏర్పడుతుంది.

## ఒక బిల్లు, నాలుగు తేదీలు

విషయం స్పష్టం కావడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. విజయవాడ ఆటోనగర్‌లో అట్టపెట్టెలు తయారుచేసే ఒక చిన్న సంస్థ, హైదరాబాద్ జీడిమెట్లలోని ఒక ఫ్యాక్టరీకి జీఎస్‌టీతో కలిపి 5,00,000 రూపాయల సరుకు పంపింది. పర్చేజ్ ఆర్డర్‌లో మూడు షరతులు ఉన్నాయి: బిల్లు అందిన 30 రోజుల్లో చెల్లింపు, బిల్లులన్నీ అకౌంట్స్ విభాగం ఈమెయిల్‌కే పంపాలి, ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ.

బిల్లు మీద తేదీ 2024 జులై 1. సరుకు ఫ్యాక్టరీ గేటు దాటింది జులై 2న. అదే రోజు సరఫరాదారు బిల్లును ఈమెయిల్‌లో పంపాడు గాని, అకౌంట్స్ చిరునామాకు కాక, తనతో ఎప్పుడూ మాట్లాడే పర్చేజ్ అధికారి చిరునామాకు పంపాడు. ఆ అధికారి జూన్‌లోనే ఉద్యోగం మానేశారు. ఆయన మెయిల్ పెట్టెను కంపెనీవారు తెరిచి, బిల్లును అకౌంట్స్‌కు మళ్లించింది జులై 29న. డబ్బు సెప్టెంబర్ 20న చెల్లించారు.

అక్టోబర్‌లో వచ్చిన డెబిట్ నోట్‌లో సరఫరాదారు బిల్లు తేదీ నుంచి 30 రోజులు లెక్కించి, గడువు జులై 31తో ముగిసిందన్నాడు. ఆగస్టు 1 నుంచి సెప్టెంబర్ 20 వరకు 51 రోజులు. బిల్లు అడుగున చిన్న అక్షరాలతో అచ్చయి ఉన్న 24 శాతం చొప్పున వడ్డీ 16,767 రూపాయలు.

## ఒప్పందంలోని ఒక్క మాట చేసే తేడా

'బిల్లు తేదీ నుంచి 30 రోజులు' అని రాసుకోవడానికీ 'బిల్లు అందిన నాటి నుంచి 30 రోజులు' అని రాసుకోవడానికీ మధ్య ఎంతో దూరం ఉంది. మొదటి మాట ఉంటే, బిల్లు ఎప్పుడు చేరిందన్నది మామూలుగా గడువును మార్చదు; కొనుగోలుదారు వేరే ఆధారం వెతుక్కోవాలి. రెండో మాట ఉంటే, బిల్లు అందడమే గడియారాన్ని కదిలించే ఘట్టం. మన ఉదాహరణలో ఉన్నది రెండో మాట కాబట్టి, సరఫరాదారు జులై 1 నుంచి లెక్కించడం ఒప్పందానికే విరుద్ధం.

అయితే 'అందడం' అంటే ఏమిటి? ఇక్కడ సరఫరాదారుకు ఒక మంచి వాదన ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. జీఎస్‌టీ నిబంధనల ప్రకారం సరుకు బిల్లుకు మూడు ప్రతులు ఉంటాయి: కొనుగోలుదారుకు అసలు ప్రతి, రవాణాదారుకు రెండోది, సరఫరాదారు దగ్గర మూడోది. లారీతో బిల్లు ప్రతి వచ్చి ఉంటే, గేటు దగ్గర సెక్యూరిటీ దాని మీద ముద్ర వేసి, ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో బిల్లు నంబరు రాసుకొని ఉంటే, బిల్లు జులై 2నే చేరిందని ఆయన అనవచ్చు. దీనికి జవాబు పర్చేజ్ ఆర్డర్‌లోనే దొరకాలి. బిల్లు ఫలానా ఈమెయిల్‌కు పంపాలన్న షరతు ఉంది కాబట్టి గేటు దగ్గర కాగితం చూపడం ఆ షరతును తీర్చదని కొనుగోలుదారు అనగలడు. ఆ షరతే లేకపోతే మాత్రం గేటు రిజిస్టర్ అతనికే ఎదురుతిరుగుతుంది. బిల్లు అందలేదని వాదించే కంపెనీలు అన్నిటికన్నా ముందు తమ గేటు రిజిస్టర్‌ను చూసుకోకపోవడం ఆశ్చర్యమే.

ఈమెయిల్ సంగతి 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. పత్రం అందుకోవలసినవారు ఒక చిరునామాను ప్రత్యేకంగా సూచించి ఉంటే, పత్రం ఆ చిరునామాలోకి ప్రవేశించిన క్షణమే అందినట్లు లెక్క; ఎవరూ తెరిచి చూడకపోయినా సరే. సూచించిన చిరునామాకు కాక అదే సంస్థకు చెందిన మరో చిరునామాకు పంపితే, దాన్ని బయటకు తీసుకున్నప్పుడే అందినట్లు లెక్క. ఏ చిరునామానూ సూచించకపోతే, సంస్థకు చెందిన వ్యవస్థలోకి చేరితే చాలు. ఇరుపక్షాలూ వేరే విధంగా ఒప్పుకోనంతవరకూ వర్తించే నియమాలివి. మన ఉదాహరణకు రెండోది సరిపోతుంది కాబట్టి బిల్లు అందిన తేదీ జులై 29. ఆ పర్చేజ్ అధికారి ఇంకా ఉద్యోగంలోనే ఉండి జులై 2 సాయంత్రమే మెయిల్ తెరిచి, అకౌంట్స్‌కు పంపడం మరచిపోయి ఉంటే కథ పూర్తిగా మారేది. సంస్థ ఉద్యోగి చూస్తే సంస్థ చూసినట్లేనని సరఫరాదారు వాదించేవాడు, ఆ ఆలస్యం సంస్థ లోపలిదే అయ్యేది.

## ఆలస్యంలో ఎవరి వాటా ఎంత

జులై 29 నుంచి 30 రోజులంటే ఆగస్టు 28. డబ్బు వెళ్లింది సెప్టెంబర్ 20న. అంటే కొనుగోలుదారు వాదన మొత్తం అంగీకరించినా 23 రోజుల ఆలస్యం మిగిలే ఉంది. బిల్లు ఆలస్యంగా వచ్చింది కనుక వడ్డీ ప్రశ్నే లేదని రాసే జవాబులు సాధారణంగా తప్పటడుగు వేసేది ఇక్కడే.

ఒప్పందంలో గడువు గురించి స్పష్టత లేనప్పుడు కొనుగోలుదారులు తరచుగా ఆశ్రయించేది 1872 నాటి కాంట్రాక్టు చట్టం 67వ సెక్షన్. ఒకరు తమ మాట నెరవేర్చుకోవడానికి అవసరమైన సదుపాయం ఎదుటివారు కల్పించకపోతే, దానివల్ల కలిగిన వైఫల్యానికి వారిని బాధ్యుల్ని చేయరాదని దాని సారాంశం. బిల్లు లేనిదే చెల్లించలేని వ్యవస్థలో బిల్లు అలాంటి సదుపాయమే. కాని ఆ సెక్షన్‌లో బరువంతా 'దానివల్ల కలిగిన' అన్న మాట మీదే ఉంది. బిల్లు రాకపోవడం వల్ల పోయిన రోజులకే రక్షణ. బిల్లు వచ్చాక ఫైలు సంతకాల కోసం బల్ల మీద నిలిచిన రోజులకు ఆ రక్షణ వర్తించదు. అలాగే, సరుకు వచ్చి వారాలు గడిచినా బిల్లు ఏదని ఒక్కసారీ అడగని కొనుగోలుదారుకు ఈ వాదన బలహీనపడుతుంది. జులై రెండో వారంలో పంపిన 'మీ బిల్లు ఇంకా అందలేదు' అన్న ఒక్క మెయిల్, అక్టోబర్‌లో రాసే నాలుగు పేజీల జవాబు కన్నా విలువైనది.

ఇక వడ్డీ రేటు. పర్చేజ్ ఆర్డర్‌ను అంగీకరించి సరుకు పంపినప్పుడు ఒప్పందం 12 శాతం మీద కుదిరింది. ఆ తరువాత వచ్చిన బిల్లు అడుగున 24 శాతం అని అచ్చు వేసుకుంటే అది ఏకపక్ష ప్రకటన మాత్రమేనని కొనుగోలుదారు అనవచ్చు. కాని పర్చేజ్ ఆర్డరే లేని వ్యాపారాల్లో, ఏళ్ల తరబడి అలాంటి బిల్లులు అభ్యంతరం లేకుండా తీసుకున్నచోట, అంతకుముందు అదే రేటుకు వడ్డీ కట్టినచోట, ఆ అచ్చు మాటకు కోర్టులు విలువ ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. మన ఉదాహరణలో 12 శాతమే నిలుస్తుందనుకుంటే, 23 రోజులకు వడ్డీ 3,781 రూపాయలు. సరఫరాదారు అడిగిన 16,767కు ఇది నాలుగో వంతు కన్నా తక్కువ.

ఇక్కడితో ఆగితే కొనుగోలుదారు గెలిచినట్లే.

## చట్టం చూసేది బిల్లును కాదు, సరుకును

సరఫరాదారు సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ అయితే 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం రంగంలోకి వస్తుంది. దాని 15వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా ఒప్పుకున్న తేదీలోగా చెల్లించాలి; అయితే ఆ గడువు సరుకును అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు మించరాదు. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే 15 రోజులే. గడువు దాటితే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున, నెల నెలా అసలులో కలిసే చక్రవడ్డీ కట్టాలని 16వ సెక్షన్ అంటుంది. ఒప్పందంలో ఇంకేదో రాసుకున్నా ఇదే చెల్లుతుంది.

అంగీకరించిన రోజు అంటే ఏది? చట్టం దీన్ని నిర్వచించింది: సరుకు వాస్తవంగా అందజేసిన రోజు, లేదా సేవ అందించిన రోజు. ఆ రోజు నుంచి 15 రోజుల్లోగా సరుకు అంగీకారం మీద కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపితే, ఆ అభ్యంతరాన్ని సరఫరాదారు తొలగించిన రోజు. ఈ నిర్వచనం మొత్తంలో బిల్లు అన్న మాట లేదు. బిల్లు మీది తేదీకి గాని, అది అందిన తేదీకి గాని ఈ లెక్కలో చోటు లేదు.

దీని మీద కొనుగోలుదారులకు ఒక వాదన ఉంది. 15 రోజుల్లోపు 'బిల్లు రాలేదు' అని రాస్తే అది కూడా అభ్యంతరమే కదా అని. చట్టం మాటలు చూస్తే ఇది కష్టమే: అభ్యంతరం సరుకును లేదా సేవను అంగీకరించడం గురించి ఉండాలి. పెట్టెలు తడిసి వచ్చాయనో, లెక్క తక్కువైందనో, కొలత తప్పిందనో రాస్తే సరిపోతుంది. కాగితం రాలేదనడం సరుకు మీద ఫిర్యాదు కాదు. ఎంత కట్టాలో తెలియకుండా ఎలా కడతామన్న వాదనలో న్యాయం లేకపోలేదు. కాని పర్చేజ్ ఆర్డర్‌లో ధరా, గేటు దగ్గర లెక్కా రెండూ ఉన్న సరుకు విషయంలో అది అంతగా నిలవదు.

ఉదాహరణకు తిరిగి వస్తే, సరుకు అందినది జులై 2. అక్కడి నుంచి 45 రోజులు ఆగస్టు 16తో ముగుస్తాయి. ఒప్పందం ప్రకారం గడువు ఆగస్టు 28 కావచ్చు గాని, చట్టం దాన్ని ఆగస్టు 16 దగ్గరే ఆపేస్తుంది. 2023 ఫిబ్రవరి నుంచి 2025 ఫిబ్రవరి వరకు రిజర్వ్ బ్యాంక్ ప్రకటించిన బ్యాంక్ రేటు 6.75 శాతం, మూడు రెట్లంటే 20.25 శాతం. ఆగస్టు 17 నుంచి సెప్టెంబర్ 16 వరకు ఒక నెల వడ్డీ 8,437 రూపాయల 50 పైసలు. దాన్ని అసలులో కలిపి, మిగిలిన నాలుగు రోజులకు లెక్కిస్తే మరో 1,128. మొత్తం 9,566 రూపాయలు. కొనుగోలుదారు ఒప్పుకోవడానికి సిద్ధపడిన 3,781 కన్నా ఇది రెండున్నర రెట్లు ఎక్కువ.

పర్చేజ్ ఆర్డర్ లేకుండా ఫోన్ మీద సరుకు తెప్పించి ఉంటే? అప్పుడు 15 రోజుల గడువు జులై 17తో ముగిసి, జులై 18 నుంచే వడ్డీ నడుస్తుంది. అదే లెక్కన మొత్తం సుమారు 17,878 రూపాయలు అవుతుంది. సరఫరాదారు 24 శాతం చొప్పున అడిగిన 16,767 కన్నా అది ఎక్కువ. తన బిల్లు అడుగున ఉన్న రేటును నమ్ముకున్న సరఫరాదారు తనకు చట్టం ఇచ్చినదాన్ని తానే వదులుకుంటున్నాడన్నమాట. 24 శాతం అన్యాయమని గట్టిగా పోరాడే కొనుగోలుదారు, అతనికి ఈ సంగతి గుర్తుచేసే ప్రమాదం ఉంది.

## ఈ రక్షణ అందరు సరఫరాదారులకూ ఉండదు

అందుకే పేచీలో మొదట తేలవలసింది సరఫరాదారు ఎవరన్నది. చెల్లింపుకు సంబంధించిన ఈ రక్షణ సూక్ష్మ, చిన్న పరిశ్రమలకే ఉంది. మధ్యతరహా పరిశ్రమలకు లేదు. చిన్న పరిశ్రమగా నమోదైనట్లు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన సరిపోదు. 2021 జులైలో టోకు, చిల్లర వ్యాపారులకు కూడా ఉద్యమ్‌లో నమోదయ్యే వీలు కల్పించారు గాని, ఆ ప్రయోజనం బ్యాంకుల ప్రాధాన్యరంగ రుణాలకే పరిమితమని అప్పుడే స్పష్టం చేశారు. అట్టపెట్టెలు తయారుచేసే సంస్థకూ, వాటిని కొని అమ్మే దుకాణానికీ తేడా ఇక్కడ వస్తుంది. ఆ తేడా సర్టిఫికెట్‌లోని కార్యకలాపాల కోడ్‌లో కనిపిస్తుంది.

నమోదు తేదీ కూడా ముఖ్యమే. ఒప్పందం కుదిరాక నమోదైన సంస్థ ఆ నమోదును వెనకటి తేదీకి వర్తింపజేసుకోలేదని 2022లో మహాకాళీ ఫుడ్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఎన్‌బీసీసీ కేసులో మరో ధర్మాసనం ఆ వైఖరిని పునఃపరిశీలించవలసి ఉందని భావించి, విషయాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించింది. కాబట్టి నమోదు ఆలస్యమన్న వాదన కొనుగోలుదారుకు అందుబాటులో ఉన్నా, దాని మీదే పూర్తిగా ఆధారపడడం సాహసమే.

సరఫరాదారు ఈ పరిధిలోకి రాడని తేలితే, మళ్లీ పైన చెప్పిన ఒప్పందపు లెక్కే చెల్లుతుంది, అప్పుడు బిల్లు అందిన తేదీకి తిరిగి ప్రాణం వస్తుంది.

సేవల సంగతి కొంత భిన్నం. సరుకుకైతే అది బయలుదేరేనాటికే బిల్లు తయారు కావాలి. సేవలకు మాత్రం పని పూర్తయ్యాక మామూలుగా 30 రోజుల వరకు బిల్లు ఇచ్చే వీలును జీఎస్‌టీ చట్టమే ఇచ్చింది. యంత్రాల మరమ్మతు చేసిన చిన్న సంస్థ చట్టబద్ధంగానే 28వ రోజున బిల్లు పంపితే, 45 రోజుల గడువులో కొనుగోలుదారుకు మిగిలేది 17 రోజులు. పైగా మరమ్మతులో ఎన్ని గంటల పని జరిగిందో బిల్లు వస్తే గాని తెలియదు. ఇక్కడ కొనుగోలుదారు ఫిర్యాదు న్యాయమైనదే. అయినా చట్టం ఈ ఇబ్బందికి విడిగా మినహాయింపు ఇవ్వలేదు. పని మీద అభ్యంతరం ఉంటే 15 రోజుల్లో రాయడం ఒక్కటే దారి.

## డెబిట్ నోట్ మీద మౌనం

ఆలస్య వడ్డీ జీఎస్‌టీ దృష్టిలో సరుకు విలువలో భాగమే కాబట్టి దాని మీదా పన్ను ఉంటుంది. అయితే ఆ పన్ను బాధ్యత పుట్టేది వడ్డీ డబ్బు సరఫరాదారు చేతికి అందిన రోజున, అడిగిన రోజున కాదు. వడ్డీ ఇంకా పేచీలో ఉండగానే పన్నుతో కలిపి డెబిట్ నోట్ పంపడం తొందరపాటు. 2024 అక్టోబర్ నుంచి జీఎస్‌టీ పోర్టల్‌లో ఉన్న ఇన్వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో అలాంటి డెబిట్ నోట్ కొనుగోలుదారుకు కనిపిస్తుంది. ఆమోదించడమో, తిరస్కరించడమో చేయకుండా వదిలేస్తే ఆమోదించినట్లే భావించి, దాని పన్ను క్రెడిట్ అతని ఖాతాలోకి వస్తుంది. ఇది పన్ను లెక్కకు సంబంధించిన ఏర్పాటు మాత్రమే, వడ్డీ బాకీని ఒప్పుకున్నట్లు కాదు. కాని వడ్డీ మీద పోరాడుతూనే దాని పన్ను క్రెడిట్ వాడుకున్న కొనుగోలుదారును ఎదుటిపక్షం తప్పక ప్రశ్నిస్తుంది.

మరొక చిక్కు సర్దుబాటు. తరువాతి బిల్లు కోసం వచ్చిన డబ్బును సరఫరాదారు ముందుగా పాత వడ్డీకి జమ వేసుకుంటే, ఆ కొత్త బిల్లులో కొంత బాకీ మిగిలి, దాని మీద మళ్లీ వడ్డీ మొదలవుతుంది. కాంట్రాక్టు చట్టం 59వ సెక్షన్ ప్రకారం, చెల్లించేటప్పుడు ఇది ఫలానా బాకీకి అని బాకీదారు స్పష్టంగా చెబితే, తీసుకున్నవారు దానికే జమ వేయాలి. చెప్పకపోతే ఎంపిక సరఫరాదారు చేతికి పోతుంది. బ్యాంకు బదిలీలో బిల్లు నంబరు రాయడం వెనక ఇంత ఉంది.

రాజీ కుదరకపోతే చిన్న పరిశ్రమ తన రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు. కొనుగోలుదారు దేశంలో ఎక్కడున్నా సరఫరాదారు ఉన్నచోటి కౌన్సిల్‌కే అధికారం ఉంటుంది కాబట్టి, మన ఉదాహరణలో జీడిమెట్ల ఫ్యాక్టరీ ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ ముందు జవాబు చెప్పుకోవాలి. అక్కడ ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే మధ్యవర్తిత్వ తీర్పు. ఆ తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే కొనుగోలుదారు తీర్పు మొత్తంలో 75 శాతం ముందుగా జమ చేయాలి. ఆ కౌన్సిల్ ముందు గేటు రిజిస్టర్‌లోని జులై 2 అన్న తేదీకి ఉండే బరువు, జులై 29న తెరిచిన ఈమెయిల్‌కు ఉండదు.